ఇంటి మీద గుడారం!
నేల కొలిచి పెంకులు తెప్పిస్తే కప్పులో మూడో వంతుకు పైగా మిగిలిపోతుంది

పెంకుల లారీ వచ్చింది. కూలీలు దించారు. మేస్త్రీ, ఇద్దరు సహాయకులు రెండు రోజులు పేర్చారు. ఒక వాలు నిండింది. రెండో వాలులో సగానికి కూడా రాకముందే పెంకులు అయిపోయాయి! ‘ఇల్లు 864 చదరపు అడుగులేగా.. దానికి సరిపడా తెప్పించానే’ అని తల పట్టుకుంటాడు యజమాని. మళ్లీ లారీ, మళ్లీ కిరాయి. రెండోసారి వచ్చే సరుకు మొదటి దానితో రంగులోనూ, అంచుల్లోనూ కలుస్తుందన్న నమ్మకం లేదు. ఈలోపు మబ్బు పట్టిందంటే సరేసరి.

పెంకుటిల్లు కట్టేవాళ్లకీ, పాత ఇంటి కప్పు మార్చేవాళ్లకీ, ఈమధ్య మేడ మీద వాలు కప్పు వేయించుకునేవాళ్లకీ ఎదురయ్యే తంటా ఇది. తప్పు మేస్త్రీది కాదు, లారీవాడిది కాదు. నేలను కొలిచి కప్పును కొలిచామనుకోవడంలోనే ఉంది చిక్కంతా. దీని లెక్క మన పిల్లల పుస్తకాల్లోనే ఉంది. ‘త్రిభుజాకార పట్టకం’ అన్న పేరు వినగానే పేజీ తిప్పేస్తారు కానీ, రెండు వాలుల పెంకుటింటి కప్పు అచ్చంగా అదే. గుడారమూ అదే.

పడుకున్న పట్టకం

ముందు గుడారం సంగతి చూద్దాం. స్కౌట్ పిల్లలు వేసుకునే చిన్న గుడారం. అడుగున వెడల్పు 6 అడుగులు, మధ్యలో ఎత్తు 4 అడుగులు, పొడవు 8 అడుగులు అనుకుందాం. ముందు నుంచి చూస్తే త్రికోణం. వెనక నుంచి చూసినా అదే త్రికోణం. ఆ రెండింటినీ కలుపుతూ రెండు వాలు గుడ్డలు, కింద నేల. మొత్తం ఐదు ముఖాలు.

ఇక్కడే చాలామంది పిల్లలు తడబడతారు. పట్టకం ఘనపరిమాణం అంటే ‘భూమి వైశాల్యం ఇంటూ ఎత్తు’ అని బట్టీ పట్టి ఉంటారు. భూమి అనగానే నేల మీద ఆనిన దీర్ఘచతురస్రాన్ని తీసుకుంటారు. ఆరు ఎనిమిదులు నలభై ఎనిమిది, దాన్ని ఎత్తు నాలుగుతో గుణిస్తే 192 ఘనపుటడుగులు అని రాసేస్తారు. కానీ అది గుడారం కాదు, నాలుగు నిలువు గోడల పెట్టె! గుడారం నిలబడిన పట్టకం కాదు, పక్కకి పడుకున్న పట్టకం. దాని అసలు భూమి ముందు కనిపించే త్రికోణం. దాని ‘ఎత్తు’ గుడారం పొడవు. త్రికోణం వైశాల్యం సగం ఇంటూ ఆరు ఇంటూ నాలుగు.. అంటే 12 చదరపు అడుగులు. దాన్ని పొడవు 8తో గుణిస్తే 96 ఘనపుటడుగులు. పెట్టెలో సరిగ్గా సగం.

సగమే ఎందుకో తెలియాలంటే ఒక అట్టపెట్టెలో ఈ గుడారాన్ని పెట్టినట్టు ఊహించుకోండి. గుడారం రెండు వాలుల బయట, పెట్టె గోడలకీ వాలుకీ మధ్య రెండు ఖాళీ ముక్కలు మిగులుతాయి. ఆ రెండింటినీ తీసి, నిలువు ముఖాలు కలిసేలా అతికిస్తే తలకిందులైన మరో గుడారం తయారవుతుంది. కొలతలన్నీ మొదటి దానివే. పెట్టెలో రెండు గుడారాలు పట్టాయన్నమాట.

ఇక గుడ్డ ఎంత కావాలి? వాలు పొడవు తెలియాలి. సగం వెడల్పు 3, ఎత్తు 4. మూడు, నాలుగు వస్తే వాలు ఐదే. వాలు గుడ్డలు రెండు కలిపి 80 చదరపు అడుగులు. ముందూ వెనకా త్రికోణాలు రెండూ 24. కింద పరుపు గుడ్డ 48. అన్నీ కుడితే 152 చదరపు అడుగులు. కిందిది వద్దనుకుంటే 104 చాలు. ముందు భాగం తెరిచే ఉంచుతామంటే ఇంకో 12 తగ్గించుకోవచ్చు. కాబట్టి ‘ఉపరితల వైశాల్యం ఎంత?’ అన్న ప్రశ్నకు సూత్రం కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఐదు ముఖాల్లో మనకు కావాల్సినవి ఎన్ని? ఇంటికొచ్చేసరికి ఈ ప్రశ్న విలువ వేలల్లో ఉంటుంది.

వాసమే కర్ణం

ఇప్పుడు ఇంటికొద్దాం. గోడల బయటి కొలత ప్రకారం వెడల్పు 24 అడుగులు, పొడవు 36 అడుగులు. రెండు వైపులా వాలు. గోడ తల నుంచి కొప్పు దాకా నిట్టనిలువు ఎత్తు 9 అడుగులు. యజమాని చెప్పిన 864 చదరపు అడుగుల ఇల్లు ఇదే.

కప్పును సగానికి కోసి చూస్తే రెండు లంబకోణ త్రిభుజాలు కనిపిస్తాయి. అడుగున సగం వెడల్పు 12 అడుగులు. నిలువున 9 అడుగులు. ఏటవాలుగా వెళ్లే వాసమే కర్ణం. పన్నెండు పన్నెండులు 144. తొమ్మిది తొమ్మిదులు 81. కలిపితే 225. అది పదిహేను పదిహేనులు. కాబట్టి వాసం పొడవు 15 అడుగులు. నేల మీద 12 అడుగులు నడిస్తే, కప్పు మీద 15 అడుగులు నడవాలి. ప్రతి అడుగుకీ పావు అడుగు అదనం. ఈ 1.25 అన్న అంకెను గుర్తు పెట్టుకోండి, మళ్లీ మళ్లీ పనికొస్తుంది.

కొందరు వాలు పొడవు బదులు నిలువు ఎత్తు 9నే వేసి ‘తొమ్మిది ఇంటూ ముప్ఫయ్యారు, రెండు వైపులా’ అని లెక్క కడతారు. అప్పుడు 648 వస్తుంది. కప్పు వైశాల్యం అది కప్పే నేల కన్నా తక్కువ రావడం అసాధ్యం. లెక్క ఎక్కడో తప్పిందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. వాలు కప్పు ఎప్పుడూ నేల కన్నా ఎక్కువే ఉంటుంది.

చూరు మింగేదెంత?

వాసం గోడ దగ్గర ఆగిపోదు. వాన గోడ మీద పడకుండా చూరు బయటికి రావాలి. రెండు వైపులా చెరో రెండు అడుగులు వచ్చిందనుకుందాం. ఇది నేల మీది కొలత. వాలులో అది రెండున్నర అడుగులు అవుతుంది, 1.25 లెక్కనే. అప్పుడు ఒక్కో వాలు పదిహేనూ రెండున్నర కలిపి 17.5 అడుగులు. పొడవు వైపు కూడా పక్కగోడలు దాటి చెరో అడుగు వస్తుంది కాబట్టి 38 అడుగులు. ఒక వాలు వైశాల్యం 665 చదరపు అడుగులు. రెండూ కలిపి 1,330.

ఇల్లు 864, కప్పు 1,330. తేడా 466 చదరపు అడుగులు. ఇందులో వాలు వల్ల పెరిగింది 216 మాత్రమే. మిగతా 250 చూరుదే. చూరును ఎవరూ పెద్దగా పట్టించుకోరు. రెండడుగులేగా అంటారు. ఇంటి చుట్టూ తిరిగొచ్చేసరికి ఆ రెండడుగులే వాలు కన్నా ఎక్కువ పెంకులు తింటాయి.

పెంకుల సంఖ్య ఇంకో మెట్టు. మన ఊళ్లలో బంగాళా పెంకులనీ, మంగుళూరు పెంకులనీ పిలిచేవి గాడిలో గాడి కూర్చునే రకం. 1865లో బాసెల్ మిషన్ వాళ్లు మంగుళూరులో నేత్రావతి ఒడ్డున పెట్టిన కర్మాగారంతో మొదలైన పెంకు ఇది. ఒక పెంకు పక్కదాని మీదికీ, కిందిదాని మీదికీ కొంత ఎక్కుతుంది. కాబట్టి పెంకు చేతిలో ఎంత ఉందన్నది కాదు, కప్పు మీద ఎంత మూస్తుందన్నది లెక్క. అది కంపెనీని బట్టి, అచ్చును బట్టి మారుతుంది. తెలుసుకోవడం కష్టమేమీ కాదు. పదకొండు పెంకులు తెచ్చి నేల మీద పక్కపక్కన గాడిలో గాడి పెట్టి పేర్చాలి. మొదటి పెంకు ఎడమ అంచు నుంచి పదకొండో పెంకు ఎడమ అంచు దాకా కొలవాలి. అలాగే ఒకదాని మీదికి ఒకటిగా పైకి పేర్చి ఇంకోసారి కొలవాలి. పదితో భాగిస్తే ఒక పెంకు నిజంగా మూసే వెడల్పు, పొడవు వచ్చేస్తాయి.

మన పెంకు వెడల్పులో ఎనిమిదుంబావు అంగుళాలు, వాలులో పన్నెండున్నర అంగుళాలు మూస్తుందనుకుందాం. ఈ లెక్కన వంద చదరపు అడుగులకు 140 పెంకులు పడతాయి. కప్పు 1,330 అడుగులు కాబట్టి 1,862 రావాలి. కానీ పెంకులు బియ్యం కావు, కొలిచి పోయడానికి. వరసలుగా పడాలి. వాలు 17.5 అడుగులంటే 210 అంగుళాలు. పన్నెండున్నరతో భాగిస్తే 16.8 వరసలు. అంటే 17. పొడవు 38 అడుగులంటే 456 అంగుళాలు. ఎనిమిదుంబావుతో భాగిస్తే 55 దాటింది. అంటే 56. పదిహేడు యాభయ్యారులు 952. రెండు వాలులకూ 1,904. దించేటప్పుడు, ఎక్కించేటప్పుడు పగిలేవాటికి నూటికి ఐదు చొప్పున కలుపుకుంటే దాదాపు 2,000. కొప్పు మీద కూర్చునే కొప్పు పెంకులు వేరు.

యజమాని తెప్పించినవి ఎన్నో తెలుసా? ఎనిమిది వందల అరవై నాలుగు అడుగులకు 1,210. ఇంకా ఎనిమిది వందలకు దగ్గరగా కావాలి!

బరువు కూడా ఇక్కడే తేలిపోతుంది. ఒక్కో పెంకు రెండున్నర కిలోలనుకుంటే, 1,904 పెంకులు 4,760 కిలోలు. మట్టి పెంకు నీరు పీలుస్తుంది. ముసురు పట్టినప్పుడు దాని బరువులో ఐదో వంతు దాకా నీరే చేరవచ్చు. అంటే అయిదున్నర టన్నులకు పైమాటే. వాసాలూ, దూలాలూ మోయాల్సింది ఎండలో తూచిన బరువును కాదు, ఆ తడి బరువును.

పక్కగోడల త్రికోణాలు

గుడారానికి ముందూ వెనకా గుడ్డ ఉన్నట్టే, ఇంటికి అటూ ఇటూ గోడ మీద త్రికోణాలు ఉంటాయి. పెంకుల లెక్కలో వీటికి చోటు లేదు. ఇటుకల లెక్కలో మాత్రం ఉంది. అక్కడే మరచిపోతుంటారు. గోడలు పది అడుగుల ఎత్తు అని చుట్టుకొలత వేసి ఇటుకలు తెప్పిస్తారు. కొప్పు దాకా కట్టాల్సిన త్రికోణాలు మిగిలిపోతాయి.

ఒక్కో త్రికోణం సగం ఇంటూ 24 ఇంటూ 9, అంటే 108 చదరపు అడుగులు. రెండూ కలిపి 216. తొమ్మిది అంగుళాల గోడ అయితే 162 ఘనపుటడుగుల కట్టుబడి. ఘనమీటరుకు 500 ఇటుకల చొప్పున చూస్తే సుమారు 2,300 ఇటుకలు. పైగా వాలు అంచు వెంట ప్రతి వరసలోనూ ఇటుకను కొట్టి పెట్టాలి కాబట్టి వృథా కూడా ఇక్కడే ఎక్కువ. చాలామంది గోడకు మధ్యలో ఒక కిటికీ వదులుతారు. అటకలోకి గాలి, వెలుతురు వస్తాయి. కాసిని ఇటుకలూ మిగులుతాయి.

వానకు మాత్రం వాలుతో పని లేదు

కప్పు నుంచి పడే నీటిని ఇంకుడు గుంతకో, తొట్టికో మళ్లించాలనుకునేవాళ్లు 1,330 అడుగుల లెక్క పట్టుకెళ్లకూడదు. వాన పైనుంచి పడుతుంది. కప్పు ఎంత వాలుగా ఉన్నా, అది ఆకాశానికి అడ్డుపడేది దాని నీడ మేరకే. చూరుతో కలిపి నేల మీద 28 అడుగుల వెడల్పు, 38 అడుగుల పొడవు. అంటే 1,064 చదరపు అడుగులు, దాదాపు 99 చదరపు మీటర్లు. ఒక సెంటీమీటరు వాన పడితే 990 లీటర్ల దాకా నీళ్లు. కొప్పు ఇంకో మూడడుగులు లేపినా చుక్క ఎక్కువ రాదు. పెంకులకు వాలు కొలత, నీళ్లకు నేల కొలత. ఒకే కప్పుకి రెండు లెక్కలు!

కొప్పు దించితే మిగిలేదెంత?

‘తొమ్మిది అడుగుల ఎత్తెందుకండీ, అయిదడుగులకు దించేద్దాం. పెంకులు కలిసొస్తాయి’ అనే సలహా ఎవరో ఒకరు ఇస్తారు. నిజంగా ఎంత కలిసొస్తుంది?

సగం వెడల్పు అదే 12. ఎత్తు 5. అయిదు, పన్నెండు వస్తే వాలు పదమూడు. పదిహేను అడుగుల వాసం పదమూడుకు తగ్గింది. చూరుతో కలిపి వాలు 15 అడుగుల 2 అంగుళాలు. అంటే 15 వరసలు. రెండు వాలులకూ 1,680 పెంకులు. ముందు లెక్క కన్నా 224 తక్కువ. ఎనిమిదింట ఒక వంతు కూడా కాదు.

పోగొట్టుకున్నదేమిటో చూడండి. కప్పు కింద గాలి ఉండే చోటు ముందు సగం ఇంటూ 24 ఇంటూ 9 ఇంటూ 36.. అంటే 3,888 ఘనపుటడుగులు. ఇప్పుడు 2,160. దాదాపు సగానికి పడిపోయింది. ఎత్తు ఎంత వంతు తగ్గితే ఘనపరిమాణం అంత వంతూ తగ్గుతుంది. ఉపరితలం మాత్రం నెమ్మదిగా తగ్గుతుంది. ఎందుకంటే వాసం పొడవులో పెద్ద భాగం ఇంటి వెడల్పుది. దాన్ని ఎవరూ తగ్గించలేరు. ఎండాకాలంలో పెంకు వేడెక్కి కిందికి వదిలే సెగ ముందు ఆ త్రికోణంలోనే పేరుకుంటుంది. ఆ చోటు తగ్గిందంటే సెగ మనిషి తలకు దగ్గరైందన్నమాట.

అసలు చిక్కు ఇంకా ఉంది. పన్నెండుకి అయిదు వాలు అంటే 23 డిగ్రీల లోపే. గాడి పెంకులకు సాధారణంగా పన్నెండుకి ఆరు, అంటే 26 డిగ్రీలైనా ఉండాలంటారు. అంతకన్నా వాలు తగ్గితే నీళ్లు నెమ్మదిగా జారతాయి. ఎదురుగాలి కొట్టినప్పుడు ఒక పెంకు మీదికి ఇంకోటి ఎక్కిన సందులోంచి వెనక్కి పాకుతాయి. పెంకు పగలకుండానే ఇల్లు కురవడం మొదలవుతుంది. ఎక్కడ పగిలిందా అని మేస్త్రీ వెతికి వెతికి ఏమీ దొరక్క దిగిపోతే, గాలివాన రోజుల్లోనే, గాలి తగిలే వైపే కురుస్తుంటే, అనుమానించాల్సింది పెంకును కాదు, వాలును. 224 పెంకులు మిగుల్చుకోబోయి కొనితెచ్చుకున్న వాన అది.

అటక మీద నిలబడే చోటు

ఎత్తు 9 అడుగులు ఉంచితే మూడు వేల ఎనిమిది వందల పైచిలుకు ఘనపుటడుగులు ఉంది కదా, పైన ఒక గది వేసుకుందాం అనిపిస్తుంది. ఇక్కడ పట్టకం ఇంకో తమాషా చేస్తుంది. ఆరడుగుల ఎత్తు ఉన్నచోటే మనిషి తల తగలకుండా నడవగలడు. కొప్పు కింద 9 అడుగులు. అంచులకు వెళ్లేకొద్దీ సున్నా. ఆరడుగులు, అంతకు మించి ఉండే చోటు మధ్యలో 8 అడుగుల వెడల్పు మాత్రమే. ఇరవై నాలుగు అడుగుల్లో మూడో వంతు. అటూ ఇటూ చెరో ఎనిమిది అడుగులు వంగి, పాకి వెళ్లాల్సిందే. పాత ఇళ్లలో అటక మీద ధాన్యం, చింతపండు, గంగాళాలు అంచుల వైపు సర్ది, మధ్యలో దారి వదిలేది ఇందుకే.

త్రికోణం పైకి వెళ్లేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి చోటు కూడా సమంగా ఉండదు. ఎత్తులో సగం దగ్గర, అంటే నాలుగున్నర అడుగుల మీద ఒక పలక వేశామనుకోండి. పలక పైన మిగిలే చిన్న త్రికోణం వెడల్పులో సగం, ఎత్తులో సగం. కాబట్టి చోటులో పావు వంతే. నాలుగింట మూడు వంతులు కిందే ఉన్నాయి. మొత్తం 3,888లో పైన 972, కింద 2,916. అటక సామాను పెట్టడానికి పెద్దది, నిలబడటానికి చిన్నది అనిపించడంలో మన కంటి తప్పేమీ లేదు.

ఈ అంకెలన్నీ గోడల బయటి కొలతతో వేసినవి. పెంకులకు బయటి కొలతే కావాలి. లోపలి చోటుకి మాత్రం గోడ మందం తీసేసి వేసుకోవాలి. అటక తీసేసి కింది గదిని కొప్పు దాకా తెరిచి ఉంచి ఏసీ పెట్టుకునేవాళ్లు ఈ త్రికోణాన్ని అస్సలు మరచిపోకూడదు. పది అడుగుల గోడల మధ్య 8,640 ఘనపుటడుగులు ఉంటే, పైన ఇంకో 3,888 కలుస్తుంది. చల్లబరచాల్సిన గాలి దాదాపు సగం పెరిగినట్టు.

నాలుగు వాలుల ఇల్లు.. ఆర్యభటుడి సగం

గోదావరి, కృష్ణా ప్రాంతాల్లో నాలుగు వైపులా వాలు ఉన్న ఇళ్లు బోలెడు. పక్కగోడల మీద త్రికోణాలు ఉండవు. అటూ ఇటూ కూడా కప్పే వాలుతుంది. ఇది పట్టకం కాదు. పట్టకం రెండు కొసలనూ ఏటవాలుగా చెక్కేసిన ఆకారం.

వాలు అన్ని వైపులా ఒకటే అయి, చూరు అంచు కూడా అదే 28 అడుగులు, 38 అడుగులు అయితే పెంకులు పట్టే వైశాల్యం ఎంత మారుతుంది? ఏమీ మారదు! అదే 1,330. నేల మీద పడే నీడలో ప్రతి అడుగుకీ పైన అడుగుంబావు కప్పు ఉంటుంది, అది ఏ వైపు వాలినా సరే. మూలల దగ్గర పెంకులు ఏటవాలుగా కోయాలి కాబట్టి వృథా మాత్రం ఎక్కువ. త్రికోణం గోడల 216 అడుగుల ఇటుకపని మిగులుతుంది.

మారేది లోపలి చోటు. గోడల మీద చూస్తే కొప్పు 36 అడుగులు ఉండదు, రెండు కొసల్లో చెరో 12 అడుగులు పోయి మధ్యలో 12 అడుగులే మిగులుతుంది. ఆ మధ్య భాగం ఇంకా పట్టకమే. త్రికోణం 108ని 12తో గుణిస్తే 1,296. రెండు కొసలనూ దగ్గరికి జరిపి కలిపితే 24 అడుగుల చదరం మీద 9 అడుగుల ఎత్తున్న పిరమిడ్ తయారవుతుంది. దీనికీ ‘సగం’ సూత్రం వాడొచ్చా?

ఈ సగం దగ్గర మహామహుడే పొరపడ్డాడు. ఆర్యభటుడు 499లో రాసిన ఆర్యభటీయంలో త్రిభుజ వైశాల్యానికి భూమిలో సగాన్ని లంబంతో గుణించమన్నాడు. అది నూటికి నూరుపాళ్లు సరైనది. ఆ వెంటనే ఆరు అంచుల ఘనానికి, అంటే త్రికోణం అడుగు మీద నిలిచే పిరమిడ్‌కి, అడుగు వైశాల్యాన్ని ఎత్తుతో గుణించి సగం చేయమన్నాడు. అది తప్పింది. అక్కడ రావాల్సింది మూడో వంతు. ఆ తర్వాత బ్రహ్మగుప్తుడు 628లో మొనదేలిన ఆకారాలకు మూడో వంతు అని సరిగానే చెప్పాడు. విచిత్రం ఏమిటంటే, అడుగు వైశాల్యం ఇంటూ ఎత్తులో సగం అన్న ఆ మాటే మన రెండు వాలుల కప్పుకైతే అతికినట్టు సరిపోతుంది. 864 ఇంటూ 9లో సగం 3,888. కొప్పు గీతగా సాగితే సగం, మొనగా కుదించుకుపోతే మూడో వంతు.

మూడో వంతు ఎలా వచ్చిందో ఒక బెల్లం అచ్చు లాంటి ఘనాన్ని ఊహించుకుంటే తెలిసిపోతుంది. దాని నడిమధ్య బిందువు నుంచి ఎనిమిది మూలలకూ గీతలు గీస్తే ఆరు ముఖాల మీద ఆరు సమాన పిరమిడ్లు ఏర్పడతాయి. ఒక్కోటి ఘనంలో ఆరో వంతు. కానీ ఒక్కోదాని ఎత్తు ఘనం ఎత్తులో సగమే. అంత సగం ఎత్తున్న పెట్టెతో పోలిస్తే అది మూడో వంతు అవుతుంది.

కాబట్టి మన కొసల పిరమిడ్ 576 ఇంటూ 9లో మూడో వంతు, 1,728. మధ్య భాగంతో కలిపి 3,024 ఘనపుటడుగులు. రెండు వాలుల ఇంట్లో 3,888. అవే పెంకులు, అదే ఎత్తు. నాలుగు వాలుల ఇంటి అటక 864 ఘనపుటడుగులు చిన్నది.

కప్పు ఎక్కకుండానే..

పాత ఇంటి కప్పు మార్చాలి. కొప్పు ఎత్తు ఎంతో ఎవరికీ తెలియదు. పైకెక్కితే పెంకులు విరుగుతాయి. అప్పుడేం చేయాలి? అటకలోకి వెళ్లి, వాసం అడుగు అంచుకి ఒక కొసను ఆనించి, రసమట్టం సాయంతో ఒక స్కేలును తిన్నగా అడ్డంగా పట్టుకోవాలి. ఆనిన చోటు నుంచి 12 అంగుళాల దగ్గర నిలువుగా పైన వాసం దాకా ఎంత ఉందో కొలవాలి. 9 అంగుళాలు వస్తే నేల కొలతను 1.25తో గుణించాలి. 6 వస్తే దాదాపు 1.12. 12 వస్తే 1.41. చూరుతో కలిపి నేల మీద పొడవు, వెడల్పు టేపుతో కొలిచి, ఆ అంకెతో గుణిస్తే చాలు. నిచ్చెన వేయకుండానే కప్పు వైశాల్యం వచ్చేస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఈ లెక్కంతా ఇల్లు నిజంగా పట్టకం అయితేనే. రెండు కొసల త్రికోణాలూ ఒక్కలాగే ఉండాలి. పాత ఇళ్లలో ఒక కొస 24 అడుగులు, ఇంకో కొస 25 ఉండటం అరుదేమీ కాదు. అప్పుడు కొప్పు మట్టంగా ఉంటే వాలు మెలి తిరుగుతుంది. పెంకుల వరస ఒక కొసన చూరుకి సరిగ్గా కూర్చుని, రెండో కొసకు వచ్చేసరికి పక్కకి పోతుంది. గాడులు పట్టవు. ముందే తెలుసుకోవడానికి గోడల మీద మూల నుంచి మూలకు టేపు పట్టాలి. 24 అడుగులకు 36 అడుగులైతే రెండు కర్ణాలూ 43 అడుగుల మూడుంబావు అంగుళాలు రావాలి. రెండింటికీ తేడా ఒకటి రెండు అంగుళాలైతే కొసల్లో పెంకు కోసి సర్దుకోవచ్చు. అంతకు మించితే సర్దాల్సింది పెంకులు కాదు. రీపర్ బద్దలు కొట్టకముందే వాసాల కొసలకు దారం కట్టి, చూరు గీతను తిన్నగా తెచ్చుకోవాలి. ఆ తర్వాతే లారీకి కబురు పెట్టాలి.